పావుకిలో డ్రోన్, 20 ఎకరాల సర్వే: ఏ కాగితాలు కావాలి?

ప్రశ్న: నేను పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తుంటాను. 250 గ్రాములలోపు డ్రోన్ ఒకటి కొన్నాను. దానికి లైసెన్సు అక్కర్లేదని అమ్మినవాళ్లు చెప్పారు. ఇప్పుడు తెలిసిన సర్వేయర్ ఒకాయన 20 ఎకరాల లేఅవుట్ స్థలాన్ని డ్రోన్‌తో సర్వే చేసి పెట్టమంటున్నారు. ఆ స్థలం ఎయిర్‌పోర్టుకి పది కిలోమీటర్ల దూరంలో ఉంది. దీనికి లైసెన్సు తీసుకోవాలా? ఇంటర్‌తో చదువు ఆపేశాను, పాస్‌పోర్టు లేదు. ముందు కోర్సులో చేరాలా, పెద్ద డ్రోన్ కొనాలా?
– ఒక ఫొటోగ్రాఫర్

జవాబు: ముందు కోర్సులో చేరండి. డ్రోన్ మాత్రం ఇప్పుడే కొనకండి. మీ చదువు ఈ కోర్సుకి సరిపోతుంది, పాస్‌పోర్టు లేకపోయినా ఇబ్బంది లేదు. ఎందుకిలా అంటున్నానో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ క్రమం తలకిందులై డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మీ రంగంలోనే ఎక్కువ.

అమ్మినవాళ్లు మీకు చెప్పింది నిజమే, కానీ పూర్తిగా చెప్పలేదు. మన దేశంలో ఇప్పుడు నడుస్తున్నవి 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్. వాటిలో డ్రోన్లను బరువును బట్టి విడదీశారు. 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 2 కిలోల నుంచి 25 కిలోల వరకు స్మాల్. ఆపైన మీడియం, లార్జ్ ఉన్నాయి గానీ వాటితో మీకు పనిలేదు. నానో ఎగరేసేవాళ్లకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, డబ్బు తీసుకుని ఎగరేసినా అక్కర్లేదు. మైక్రో అయితే సొంత సరదాకి ఎగరేసేంతవరకే ఆ మినహాయింపు. డబ్బు కోసం మైక్రో ఎగరేస్తే సర్టిఫికెట్ ఉండి తీరాలి. స్మాల్‌కి సరదా అయినా, సంపాదన అయినా సర్టిఫికెట్ తప్పదు.

మెలిక ఎక్కడుందంటే, ఆ 250 గ్రాములు అట్టపెట్టె మీద అచ్చేసిన బరువు కాదు. గాల్లోకి లేచేటప్పుడు డ్రోన్ మీద ఏమేం ఉన్నాయో వాటన్నిటితో కలిపిన బరువు. బ్యాటరీ, రెక్కలు, మెమరీ కార్డు, లెన్స్ మీద పెట్టిన ఫిల్టరు, ఫంక్షన్ హాల్లో ఎవరికీ తగలకుండా బిగించే ప్రొపెల్లర్ గార్డు, చీకట్లో కనబడటానికి అంటించిన చిన్న లైటు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇలాంటి డ్రోన్లు చాలావరకు 249 గ్రాములు ఉంటాయి, అంటే మీ చేతిలో మిగిలింది ఒక్క గ్రాము. ఎక్కువసేపు ఎగరడానికి విడిగా అమ్మే పెద్ద బ్యాటరీ తగిలిస్తే అదే డ్రోన్ 280, 290 గ్రాములకు వెళ్లిపోతుంది. ఆ క్షణం నుంచి అది మైక్రో. పెళ్లివాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నారు కాబట్టి మీకు సర్టిఫికెట్ ఉండాలి, డ్రోన్‌కి ఇన్సూరెన్సు ఉండాలి. ‘డ్రోన్ ఫ్రీ’ అని ప్యాకేజీలో రాసినంత మాత్రాన అది సరదా ఎగరేయడం అయిపోదు. మొత్తం పనికి డబ్బు తీసుకున్నప్పుడు అందులో డ్రోన్ పని కూడా సంపాదన కిందే వస్తుందని నా అభిప్రాయం. ఈరోజే మీ డ్రోన్‌ని మామూలుగా ఎగరేసే పద్ధతిలో సిద్ధం చేసి, గ్రాముల్లో చూపించే కాటా మీద పెట్టి చూడండి.

దాంతోపాటు కొన్నప్పుడు ఇచ్చిన బిల్లు కూడా బయటికి తీయండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్లను తయారైన రూపంలోగానీ, విడిభాగాల సెట్టుగా తెచ్చి ఇక్కడ బిగించే రూపంలోగానీ దిగుమతి చేసుకోవడం నిషేధం. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. చిన్నదైనా ఈ నిషేధం వర్తిస్తుంది. మీది విదేశీ డ్రోన్ అయ్యుండి, జీఎస్టీ బిల్లు లేకుండా కొన్నదైతే, బరువు ఎంతున్నా అది ఎలా వచ్చిందన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

ఇక సర్వే సంగతి. మీ నానోతోనే ఈ సర్వే చేసేయొచ్చు కదా అని మీకు అనిపించి ఉంటుంది. పైలట్ సర్టిఫికెట్ వరకు చూస్తే రూలు అడ్డు రాదు, పనే అడ్డొస్తుంది. ఇలాంటి చిన్న కెమెరాల్లో ఫొటో మొత్తం ఒక్కసారిగా పడదు. పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్క వరసగా చదువుతుంది. ఈలోగా డ్రోన్ ముందుకు కదిలిపోతుంది కాబట్టి ఫొటోలో నేల కాస్త సాగినట్టో నలిగినట్టో వస్తుంది. పెళ్లి వీడియోలో ఇది ఎవరికీ కనబడదు. వందల ఫొటోలను కలిపి మ్యాపు చేసినప్పుడు మాత్రం రోడ్డు అంచు దగ్గర, కాంపౌండ్ గోడ దగ్గర తేడా బయటపడుతుంది. పైగా ఏ ఫొటో ఎక్కడ తీసిందో సెంటీమీటర్లలో రాసుకునే జీపీఎస్ పరికరం వాటిలో ఉండదు. నేల మీద గుర్తులు పరిచి, వాటిని సర్వేయర్ చేత కొలిపిస్తే కొంత సరిపెట్టుకోవచ్చు గానీ, ప్లాట్ల హద్దులు తేల్చే పనికి నేనైతే ఆ దారి చెప్పను. సర్వేకి సరిపోయే డ్రోన్లు మైక్రోలోనో స్మాల్‌లోనో ఉంటాయి. అందుకే మీకు సర్టిఫికెట్ కావాలి.

దీన్ని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అంటారు. మొదట్లో లైసెన్సు పేరుతో కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చేది. 2022 ఫిబ్రవరి సవరణతో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు డీజీసీఏ అనుమతి పొందిన శిక్షణ సంస్థ మీకు నేర్పి, పరీక్ష పెట్టి, పాసైతే డీజీసీఏ పోర్టల్ ద్వారా సర్టిఫికెట్ ఇస్తుంది. వయసు 18కీ 65కీ మధ్య ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి. పాస్‌పోర్టు అడిగే నిబంధనను 2023 సెప్టెంబరులో తీసేశారు. ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటి ప్రభుత్వ గుర్తింపు చాలు. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది, మధ్యలో డీజీసీఏ చెప్పిన రిఫ్రెషర్ కోర్సులు చేస్తుండాలి.

కోర్సులో ఆకాశ పరిధి నియమాలు, వాతావరణం, డ్రోన్ భాగాల గురించి క్లాసులుంటాయి. తర్వాత సిమ్యులేటర్ మీద, ఆపైన మైదానంలో శిక్షకుడి పక్కన నిలబడి ఎగరేయిస్తారు. మీలా ఇదివరకే ఎగరేసినవాళ్లకు సిమ్యులేటర్ చప్పగా అనిపిస్తుంది. అయినా మనసు పెట్టండి. మీ డ్రోన్ జీపీఎస్ సాయంతో తనంతట తాను గాల్లో నిలబడుతుంది. ఆ సాయం ఆగిపోయినప్పుడు గాలి ఎటు తోస్తే అటు జారుకుపోతుంది. దాన్ని చేత్తో నిలబెట్టడం చాలామంది పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఎప్పుడూ అవసరం పడి ఉండదు. తడబడేది అక్కడే.

డబ్బు కట్టేముందు రెండు విషయాలు తేల్చుకోండి. మొదటిది, ఆ సంస్థ పేరు డీజీసీఏ ప్రకటించిన శిక్షణ సంస్థల జాబితాలో ఉందా లేదా మీరే చూసుకోండి. వాళ్లు చూపించే స్క్రీన్‌షాటు లెక్కలోకి తీసుకోవద్దు. రెండోది, ఏ తరగతి డ్రోన్‌కి, ఏ రకం డ్రోన్‌కి సర్టిఫికెట్ ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. నాలుగు రెక్కల మల్టీరోటర్ మీద నేర్చుకుని తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో విమానంలా రెక్కలు చాచిన ఫిక్స్‌డ్ వింగ్ ఎగరేయకూడదు. మీ సర్వేయర్ ఏ డ్రోన్ వాడాలనుకుంటున్నారో కనుక్కుని దానికి సరిపోయే కోర్సే తీసుకోండి. రెండు రోజుల వర్క్‌షాపులు, ఇంట్లో కూర్చుని చేసే ఆన్‌లైన్ కోర్సులు కూడా సర్టిఫికెట్లు ఇస్తుంటాయి. వాటి మీద ‘డ్రోన్ పైలట్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, మైదానంలో ఎగరేయించి పరీక్ష పెట్టకుండా, పోర్టల్ ద్వారా రాకుండా ఇచ్చింది ఈ పనికి చెల్లదు.

సర్టిఫికెట్ వచ్చాక కూడా డ్రోన్ కొనొద్దని ఎందుకంటున్నానంటే, మీ సర్టిఫికెట్ డ్రైవింగ్ లైసెన్సు లాంటిది, బండికి ఆర్సీ వేరే ఉండాలి. డ్రోన్‌కి ఆ ఆర్సీ స్థానంలో ఉండేది యూఐఎన్ అనే నమోదు సంఖ్య. దాని ఫీజు వంద రూపాయలే, దరఖాస్తు కూడా కష్టం కాదు. కానీ మైక్రో, ఆపై తరగతుల్లో ఆ మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ ఉంటేనే యూఐఎన్ వస్తుంది. ఆ మోడల్‌ని పరీక్షించి, ప్రమాణాలకు తగ్గట్టు ఉందని తేల్చాక తయారీదారుకి ఇచ్చే సర్టిఫికెట్ అది. కొనుక్కున్నవాళ్లు తమ ఒక్క డ్రోన్ కోసం తెచ్చుకోగలిగేది కాదు. మార్కెట్లో పేరున్న విదేశీ కెమెరా డ్రోన్లు ఇక్కడే చిక్కుకుపోతాయి. లక్షలు పోసి కొన్నాక నమోదు చేద్దామని కూర్చుంటే పోర్టల్‌లో ఆ మోడల్ ఉండదు. అప్పుడు చేతిలో చెల్లే పైలట్ సర్టిఫికెట్ ఉన్నా ఆ డ్రోన్‌ని పనికి వాడలేరు. ఎప్పుడైనా కొనాల్సివస్తే అమ్మేవాళ్లను మొదట అడగాల్సింది ఆ మోడల్ టైప్ సర్టిఫికెట్ నంబరే. నంబరు చెప్పకుండా ‘అందరూ ఎగరేస్తున్నారు కదా’ అంటే అక్కడితో ఆపేయండి.

మొదటి పనులకు అద్దె డ్రోన్ మేలు. సర్వేయర్‌కో, సర్వే కంపెనీకో యూఐఎన్ ఉన్న డ్రోన్ ఉంటే మీరు పైలట్‌గా వెళ్లి ఎగరేయండి. డ్రోన్ యజమాని ఒకరు, పైలట్ ఇంకొకరు కావడంలో తప్పులేదు. ఎలాంటి పనులు వస్తున్నాయో, ఏ తరగతి డ్రోన్ అవసరమో తెలిశాక కొనుగోలు ఆలోచించవచ్చు.

ఇప్పుడు మీ స్థలం దగ్గరికి వద్దాం. దేశమంతటినీ డీజీసీఏ మ్యాపులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా గుర్తించారు. ఆకుపచ్చలో మామూలుగా 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా విడిగా అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉన్న ప్రాంతంలో మాత్రం ఆ హద్దు 200 అడుగులు, అంటే 60 మీటర్లు. అంతకు మించితే పసుపు జోన్ అవుతుంది, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపు జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. మీరు చెప్పిన పది కిలోమీటర్లు రోడ్డు మీద దూరమైతే అది ఇక్కడ పనికిరాదు. లెక్కపెట్టేది ప్రహరీ నుంచి నేరుగా ఉన్న దూరం. రోడ్డు మీద పది ఉన్నది నేరుగా ఎనిమిదిలోపే ఉండొచ్చు, అప్పుడు 60 మీటర్ల సడలింపు కూడా వర్తించదు. కాబట్టి స్థలం నాలుగు మూలలూ మ్యాపు మీద పెట్టి చూడండి.

నేరుగా చూసినా పది కిలోమీటర్లే అనుకుందాం. 60 మీటర్లు దాటకూడదన్న ఈ ఒక్క నియమం మీ పని పరిమాణాన్నే మార్చేస్తుంది. 20 ఎకరాలంటే దాదాపు 300 మీటర్ల పొడవు, 270 మీటర్ల వెడల్పు ఉన్న స్థలం. సర్వేలో వాడే ఒక అంగుళం సెన్సర్ కెమెరా 120 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో ఫొటోలో 180 మీటర్ల వెడల్పు, 120 మీటర్ల పొడవు నేలను పట్టుకుంటుంది. ఫొటోలు ఒకదానిమీద ఒకటి ముందుకు 75 శాతం, పక్కకు 70 శాతం కమ్ముకోవాలి. ఆ లెక్కన ఆరు వరసల్లో 66 ఫొటోలతో పని అయిపోతుంది. అదే 60 మీటర్లకు దిగితే ఫొటోలో పట్టే నేల పొడవూ వెడల్పూ సగానికి పడిపోతాయి. వరసలు పదకొండు అవుతాయి, ఫొటోలు 230 దాటుతాయి. అంచుల కోసం అదనంగా తీసేవి ఇందులో లేవు. బ్యాటరీలు ఎక్కువ కావాలి, ఫొటోలు కలిపే కంప్యూటర్ పని కూడా ఎక్కువ. లాభం కూడా ఉంది: ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద 3.3 సెంటీమీటర్లకు బదులు 1.6 సెంటీమీటర్లు చూపిస్తుంది, మ్యాపు స్పష్టంగా వస్తుంది. అయితే చెట్లు, సెల్ టవర్లు, హైటెన్షన్ తీగలు ఆ ఎత్తుకు దగ్గరగా ఉంటాయి కాబట్టి ముందురోజు వెళ్లి చూసి రావాలి. మీరు సర్వేయర్‌కి రేటు చెప్పేది ఈ లెక్క వేసుకున్న తర్వాతే. 120 మీటర్ల లెక్కతో రేటు ఒప్పుకుని, మైదానంలో 60 దాటకూడదని తెలిస్తే నష్టం మీదే.

మ్యాపు ముందురోజు ఒకసారి, ఎగరేసే రోజు పొద్దున ఇంకోసారి చూడండి. ఎందుకంటే ఎస్పీ స్థాయి అధికారి ఒక ప్రాంతాన్ని తాత్కాలికంగా ఎరుపు జోన్ చేయవచ్చు, ఒక్కోసారి 96 గంటల వరకు. పెద్ద నాయకుల పర్యటనలప్పుడు ఇలా జరుగుతుంది. ఇది మీ పెళ్లి పనులకు మరీ ముఖ్యం, ముఖ్య అతిథి ఎవరో ముందే అడిగి పెట్టుకోండి. ఆకుపచ్చ జోన్‌లో పోలీసుల అనుమతి తీసుకోవాలని ఈ రూల్స్‌లో లేదు. అయినా సర్వే రోజు స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళ్లమంటాను. ఊరివాళ్లు ఫోన్ చేసినప్పుడు వాళ్లకు సంగతి తెలిసి ఉంటే మీ పని మధ్యలో ఆగదు.

నానో మినహా అన్ని డ్రోన్లకూ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. అద్దె డ్రోన్ అయినా పాలసీ కాపీ అడిగి, దాని మీద యూఐఎన్, మీరు చేసే వ్యాపార పని రెండూ ఉన్నాయో లేదో చూడండి. నియమాలు మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా పడొచ్చు. డ్రోన్ కూలి ఎవరికైనా దెబ్బ తగిలితే అంతకన్నా పెద్ద భారం మీద పడుతుంది. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా పోర్టల్ ద్వారా డీజీసీఏకి తెలియజేయాలి.

ఫొటోగ్రఫీ నుంచి సర్వేకి వచ్చేవాళ్లకు తెలియని నియమం ఇంకొకటుంది. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం మ్యాపుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మ్యాపులు తయారు చేయడానికి భారతీయులు ముందస్తు అనుమతి తీసుకోవాల్సిన అవసరాన్ని అది తీసేసింది. అది మీకు మంచిదే. అయితే అడ్డంగా ఒక మీటరు, ఎత్తులో మూడు మీటర్ల కన్నా కచ్చితంగా ఉన్న డేటాని దేశంలో ఉన్న సర్వర్ల మీదే నిల్వ చేయాలి, ఇక్కడే ప్రాసెస్ చేయాలి. మీ సర్వే సెంటీమీటర్లలో ఉంటుంది కాబట్టి ఈ పరిధిలోకే వస్తుంది. ఫొటోలు అప్‌లోడ్ చేస్తే మ్యాపు తయారుచేసి ఇచ్చే విదేశీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. సర్వర్ ఎక్కడుందో తెలియకుండా వాటికి పంపకండి. సర్వేయర్ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఫొటోలు కలిపేస్తే ఈ టెన్షన్ ఉండదు.

పైలట్ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన మీరు సర్వేయర్ కాలేరు. హద్దుల మీద సంతకం పెట్టే అధికారం ఆ సర్వేయర్‌దే. కాబట్టి పని మొదలుపెట్టేముందు ఆయనతో ఒక చిన్న వర్క్ ఆర్డర్ రాయించుకోండి. స్థలం సర్వే నంబర్లు, యజమాని అంగీకారం, ఎగరేసే తేదీ, గరిష్ఠ ఎత్తు 60 మీటర్లు, డ్రోన్ యూఐఎన్, మీ సర్టిఫికెట్ నంబరు అందులో ఉండాలి. నేల మీద గుర్తులు కొలవడం, మ్యాపు తయారుచేయడం, హద్దులు తేల్చడం ఆయన బాధ్యత అని, ఫొటోలు తీసి అసలు ఫైళ్లు అప్పగించేవరకే మీ పని అని స్పష్టంగా రాయండి. గాలి ఎక్కువై ఎగరేయలేకపోతే, లేదా ఆ రోజు ఎరుపు జోన్ ప్రకటిస్తే మరో రోజు వస్తామని, ఆ రాకపోకల ఖర్చు ఎవరిదో కూడా అందులోనే తేల్చుకోండి.